గది ఫోటోలు, డబ్బా మీది లేబుల్ చూసి పెయింట్ ఎన్ని లీటర్లో లెక్కకట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెయింట్ షాపు కౌంటర్లో కూర్చుంటే రోజూ ఫోన్‌కి ఫోటోలు వస్తూనే ఉంటాయి, గోడకి టేపు పెట్టి తీసినవి కొన్ని, ఖాళీ గది ఫోటోలు కొన్ని, ఎక్కడో చూసిన డబ్బా ఫోటో ఒకటి, కింద "అన్నా ఎన్ని లీటర్లు పడుద్ది" అని ఒక్క లైను. ఎక్కువగా అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నా. మొదటి నుంచి చివరిదాకా ఒకే గదిని పట్టుకుని లెక్క చేస్తా, అప్పుడు అంకెలు ఎక్కడ నుంచి వచ్చాయో తెలుస్తది.

అసలు ఏమేం ఫోటోలు తియ్యాలి?

గది పొడవు, వెడల్పు, ఎత్తు, ఈ మూడిట్లో ఒక్కోదానికి టేపు కనపడేలా రెండు ఫోటోలు కావాలి. ఒకటి దూరం నుంచి, టేపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనపడేలా, రెండోది దగ్గర నుంచి, అంకె చదివేలా. చాలామంది రెండోది ఒక్కటే పంపిస్తారు, అక్కడే చిక్కు. దగ్గరి ఫోటోలో అంకె ఉంటది గానీ అది ఏ గోడదో, కిటికీ దగ్గర మొదలైందా మూల నుంచి మొదలైందా అనేది ఉండదు.

వీటితో పాటు నాలుగు గోడలవీ ఒక్కో ఫోటో నిలువుగా ఎదురుగా నిలబడి తియ్యండి, తలుపులు కిటికీలు బీరువాలు ఎక్కడున్నాయో చూడ్డానికి. సీలింగ్‌ది ఒకటి. పాత రంగు ఏంటో తెలిసేలా పగటి వెలుతురులో గోడది ఒకటి, అరచేత్తో గోడ తుడిచి ఆ చెయ్యి ఫోటో కూడా ఒకటి, ఎందుకంటే చేతికి సుద్దలాగా తెల్లగా అంటుకుంటే ఆ గోడ ఎక్కువ పీల్చుకుంటది, దాని సంగతి కింద చెప్తా.

టేపు ఫోటోలో అంకె స్పష్టంగానే ఉంది కదా, ఇంక తప్పు ఎక్కడ జరుగుద్ది?

నేను చూసినవాటిల్లో మూడు తప్పులు మళ్లీ మళ్లీ వస్తాయి.

మొదటిది సెంటీమీటర్ల వైపు చదివితే. కొన్ని టేపుల మీద మీటర్ దాటగానే ఎర్ర అంకెతో మీటర్ మార్క్ ఒక్కసారి వేసి ఆ తర్వాత మళ్లీ 10, 20, 30 అని మొదలుపెడతారు. దగ్గర నుంచి తీసిన ఫోటోలో 45 అని కనపడ్డది అనుకోండి, అది 2.45 మీటర్లా 3.45 మీటర్లా అనేది ఆ ఫోటోలో ఉండనే ఉండదు, ఎర్ర అంకె ఫ్రేము బయట ఉండిపోయింది. ఒకసారి నేనే ఇలాంటి ఫోటో చూసి 2.45 అనుకుని డబ్బా ఇచ్చి పంపించా, పాపం వాళ్లు మూడో గోడ సగంలో ఉండగా అయిపోయింది. అప్పటి నుంచి వెనక మీటర్ మార్క్ కనపడేదాకా ఫోటో మళ్లీ తియ్యమంటా.

రెండోది అడుగులు అంగుళాల్ని పాయింట్ పెట్టి రాయడం. 11 అడుగుల 4 అంగుళాలు అంటే 11.4 కాదు, 4ని 12తో భాగించాలి, 11.33. ఇక్కడ తేడా చిన్నదే గానీ 11 అడుగుల 10 అంగుళాలని 11.10 అని రాస్తే అసలైన 11.83కీ దానికీ ముప్పావు అడుగు దాకా తేడా. ఫోన్లో కాలిక్యులేటర్ కొట్టేవాళ్లు అందరూ ఇక్కడే పడతారు.

మూడోది పక్క నుంచి తీసిన ఫోటో. టేపు గోడకి అరంగుళం ఎడంగా వేలాడుతూ ఉంటే, ఫోన్ ఓ పక్కన ఉంటే, గోడ మూల టేపు మీద వేరే అంకె దగ్గర ఉన్నట్టు కనపడుద్ది. ఫోన్ సరిగ్గా ఆ అంకె ఎదురుగా పెట్టి తియ్యండి. టేపు కొన దగ్గర ఇనప కొక్కెం కాస్త ఊగుతూ ఉంటే అది పాడైందని కంగారు పడకండి, కొక్కెం మందం ఎంతో అంత కదలాలనే అలా చేస్తారు, తగిలించి లాగినా గోడకి ఆనించి నెట్టినా కొలత సరిపోవాలని.

టేపు లేదు, ఊరికే గది ఫోటోలు ఉన్నాయి, వాటితో అవుతుందా?

అవుద్ది, ఫోటోలో మనకి సైజు తెలిసిన వస్తువు ఒకటి ఉంటే. నాకు అన్నిటికంటే నమ్మకం నేల మీది టైల్స్. రెండు బై రెండు అని పిలిచే టైల్ చాలావరకు 600 మిల్లీమీటర్లది, అంటే నిజంగా రెండు అడుగులకి ఒక సెంటీమీటర్ తక్కువ. నేను లెక్కకి పట్టుకున్న గదిలో పొడుగు గోడ వెంట 5 నిండు టైల్స్, ఒక కట్ చేసిన ముక్క ఉన్నాయి. 5 టైల్స్ 300 సెంటీమీటర్లు, ముక్క ముప్పావు టైల్ ఉంది అంటే ఇంకో 45, మొత్తం 345, అది 11 అడుగుల 4 అంగుళాలు. టేపు కూడా అదే చెప్పింది.

ఎత్తుకి టైల్స్ ఉండవు కాబట్టి ఒక ఏ4 కాగితం నిలువుగా గోడకి అంటించి, ఎదురుగా నిలబడి తియ్యమంటా. దాని పొడుగు 29.7 సెంటీమీటర్లు. ఫోటోని కంప్యూటర్లో తెరిచి చూస్తే కాగితం పొడుగు 198 పిక్సెల్స్, అదే గోడకున్న కిటికీ ఎత్తు 812 పిక్సెల్స్ వచ్చింది. 812ని 198తో భాగించి 29.7తో గుణిస్తే 121.8 సెంటీమీటర్లు, అంటే నాలుగు అడుగుల కిటికీ. ఇక్కడ రెండు షరతులు ఉన్నాయి. కాగితం కొలిచే గోడ మీదే ఉండాలి, ముందు కుర్చీ మీద పెడితే దగ్గరగా ఉంది కాబట్టి పెద్దగా కనపడి గోడ చిన్నదని లెక్క వస్తది. ఫోటోలో గోడ రెండు పక్కల గీతలు నిలువుగా ఉండాలి, పైకి పోయేకొద్దీ దగ్గరవుతున్నాయంటే ఫోన్ పైకి వంచారని అర్థం, ఎత్తు తప్పొస్తది. వైడ్ లెన్స్ అస్సలు వాడొద్దు, అంచుల్లో ఉన్నవి సాగిపోతాయి.

ఫోన్లో కొలిచే యాప్‌లు కూడా ఉన్నాయి గానీ తెల్లటి నున్నటి గోడ మీద వాటికి పట్టు దొరకదు, మూల ఎక్కడుందో ఊహించుకుంటాయి. నేల పొడవు వెడల్పు వాటితో తీసినా ఎత్తు మాత్రం టేపుతోనే తీస్కోండి.

ఫోటోలో కొలత రెండు మూడు అంగుళాలు తప్పైతే పెయింట్ చాలా తేడా వస్తుందా?

రాదు. ఇది చెప్తే చాలామంది నమ్మరు. ఈ గది చుట్టుకొలత 43.67 అడుగులు, అది ఎలా వచ్చిందో కింద చూపిస్తా. ఎత్తు 3 అంగుళాలు తప్పు చదివాననుకోండి, తేడా 43.67 × 0.25 అంటే 11 చదరపు అడుగులు, పెయింట్‌లో చెప్పాలంటే 90 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుడు. అదే డబ్బా లేబుల్ మీద ఒక లైను తప్పు చదివితే లీటర్ పైనే తేడా వస్తది. అందుకే టేపు ఫోటో కంటే లేబుల్ ఫోటో దగ్గర ఎక్కువసేపు ఆగండి.

లేబుల్ మీద ఏం చూడాలి?

డబ్బా ముందు వైపు పేరు, బొమ్మ ఉంటాయి, కవరేజ్, అంటే ఒక లీటర్ ఎన్ని చదరపు అడుగులకి వస్తదనేది, వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటది. గుండ్రటి డబ్బా కాబట్టి ఒక్క ఫోటోలో మొత్తం పడదు, లైటు మెరుపు పడి సరిగ్గా కావాల్సిన అంకె మీదే తెల్లగా అయిపోద్ది. ఫ్లాష్ తీసేసి, డబ్బా కొంచెం కొంచెం తిప్పుతూ మూడు ఫోటోలు తియ్యండి.

ఈ లెక్కకి పట్టుకున్న ఎమల్షన్ డబ్బా మీద రెండు లైన్లు ఉన్నాయి: లీటర్‌కి ఒక కోటుకి 220 నుంచి 260 చదరపు అడుగులు, రెండు కోట్లకి 120 నుంచి 140. ఇందులో ఏది పట్టుకోవాలన్నదే అసలు ప్రశ్న. ఇంట్లో వేసేది రెండు కోట్లు కాబట్టి రెండో లైను, దాంట్లోనూ చిన్న అంకె, 120. పెద్ద అంకె ఎందుకు తీస్కోకూడదంటే పక్కనే నున్నటి గోడ మీద అని రాసుంటది, మన గోడలు అంత నున్నగా ఉండవు.

కొన్ని డబ్బాల మీద ఒక కోటు లైను ఒక్కటే ఉంటది, కొన్నిటి మీద రెండు కోట్లది ఒక్కటే. కోటు గురించి ఏమీ రాయకుండా అంకె ఒక్కటే ఉంటే అది ఒక కోటుకనే అనుకోండి. ఒక కోటు అంకెని రెండు కోట్లకి అనుకుంటే సగం పెయింటే కొంటారు. అలాగే యూనిట్ కూడా చూస్కోండి, లీటర్‌కి చదరపు మీటర్లలో ఉంటే 10.76తో గుణించి అడుగుల్లోకి మార్చాలి.

ఒక కోటుకి 220 అయితే రెండు కోట్లకి 110 కదా, 120 ఎలా అయ్యింది?

మంచి ప్రశ్న. మొదటి కోటు కొంత గోడలోకి ఇంకిపోద్ది, రెండో కోటు వేసేసరికి గోడ మూసుకుపోయి ఉంటది కాబట్టి అదే లీటర్ ఇంకొంచెం దూరం పోద్ది. లీటర్‌కి 220 అంటే చదరపు అడుక్కి మొదటి కోటు నాలుగున్నర మిల్లీలీటర్లు. రెండు కోట్లకి 120 అంటే మొత్తం 8.3 మిల్లీలీటర్లు. అంటే రెండో కోటుకి పడేది దాదాపు 3.8 మాత్రమే. ఈ 3.8 గుర్తుపెట్టుకోండి, మూడో కోటు వెయ్యాల్సి వస్తే ఇదే పనికొస్తది.

సరే, ఒక గది మొత్తం లెక్క చేసి చూపించండి.

పొడవు 11 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 10 అడుగుల 6 అంగుళాలు, ఎత్తు 9 అడుగుల 8 అంగుళాలు. పాయింట్లలో 11.33, 10.5, 9.67. పొడవు వెడల్పు కలిపి రెట్టింపు చేస్తే చుట్టుకొలత 43.67, దాన్ని ఎత్తుతో గుణిస్తే గోడలన్నీ కలిపి 422 చదరపు అడుగులు.

ఇందులోంచి రంగు పడనివి తీసెయ్యాలి. గది తలుపు 3 బై 7, అంటే 21. బాత్రూమ్ తలుపు రెండున్నర బై 7, 17.5. కిటికీ 4 బై 4, 16. గోడలో కట్టిన కప్‌బోర్డ్ 6 అడుగుల వెడల్పు, కింద నుంచి సీలింగ్ దాకా ఉంది, 58. మొత్తం 112.5 తీసేస్తే దాదాపు 310 మిగులుద్ది. కిటికీ లోపలి అంచులు కలపాలా, స్కర్టింగ్ తీసెయ్యాలా అని కొందరు అడుగుతారు, ఈ గదిలో అంచులు 5 చదరపు అడుగులు, స్కర్టింగ్ 11, వాటి కోసం లెక్క ఆపుకోవాల్సిన పని లేదు, వదిలేశా. కప్‌బోర్డ్ మాత్రం వదలొద్దు, ఫోటోలో బీరువాలాగా కనపడుద్ది గానీ జరిపే బీరువా అయితే వెనకాల గోడకి రంగు వెయ్యాలి, కట్టిన కప్‌బోర్డ్ అయితే అక్కర్లేదు, ఇదొక్కటే అరలీటర్ తేడా.

310ని 120తో భాగిస్తే 2.58 లీటర్లు. రోలర్‌లో, ట్రేలో, కింద కారిన దాంట్లో పోయేదానికి పది శాతం కలుపుతా, 2.84 లీటర్లు. గోడలకి ఇది.

సీలింగ్ 11.33 × 10.5, అంటే 119 చదరపు అడుగులు. అదే కవరేజ్ ఉన్న తెల్లది అనుకుంటే సరిగ్గా ఒక లీటర్ అంచున వస్తది, పది శాతం కలిపితే కాస్త దాటుద్ది. ఇక్కడ నేను ఒక లీటరే తీస్కోమంటా, తెల్లది రెడీమేడ్ డబ్బా కాబట్టి తక్కువైతే మళ్లీ అదే రంగు దొరుకుద్ది. గోడ రంగుకి మాత్రం ఆ ధైర్యం చెయ్యను.

2.84 అంటే ఒక లీటర్ డబ్బాలు మూడు కొంటే సరిపోతుంది కదా?

ఇక్కడ డబ్బా మీద ఇంకో అంకె చూడాలి, లోపల అసలు ఎంత ఉందనేది. తెల్లది అయితే 1, 4, 10, 20 లీటర్లు వస్తాయి. మెషీన్‌లో రంగు కలిపే బేస్ డబ్బా మాత్రం పైకి అంతే సైజు కనపడినా లోపల 0.9, 3.6, 9, 18 లీటర్లు ఉండొచ్చు, రంగు ద్రవం పట్టడానికి చోటు వదిలి నింపుతారు. బేస్‌ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ ఉంటది, లేబుల్ మీద నికర పరిమాణం అని రాసుంటది, అదే నిజం. లేత షేడ్‌కి కలిపే రంగు కొన్ని చుక్కలే కాబట్టి దానివల్ల లీటర్ నిండదు.

అంటే మూడు చిన్న డబ్బాలు కొంటే మీ చేతికొచ్చేది 2.7 లీటర్లు, మనకి కావాల్సింది 2.84. ఒక్క నాలుగు లీటర్ల సైజు డబ్బా, అంటే 3.6 తీస్కుంటే పని అయిపోయి ముప్పావు లీటర్ మిగులుద్ది, అది గట్టిగా మూతేసి దాచుకుంటే తర్వాత టచప్‌కి వస్తది. పైగా మూడు డబ్బాలు వేర్వేరుగా మిక్స్ చేస్తే షేడ్ వెంట్రుకవాసి తేడా రావొచ్చు. రెండు డబ్బాలు తప్పదు అనుకుంటే రెండూ ఒకే బకెట్లో పోసి కలిపాక మొదలుపెట్టండి, గోడ మధ్యలో డబ్బా మారిస్తే ఆ గీత సాయంత్రం లైటు వేసినప్పుడు కనపడుద్ది.

నీళ్లు కలుపుతాం కదా, అప్పుడు లీటర్లు పెరుగుతాయి, ఆ లెక్క ఎక్కడ?

ఎక్కడా లేదు, ఉండకూడదు. లేబుల్ మీది కవరేజ్ డబ్బాలో ఉన్న పెయింట్‌కి చెప్పింది, నీళ్లు కలిపాక వచ్చే నీళ్ల పెయింట్‌కి కాదు. ఎన్ని నీళ్లు కలపాలో లేబుల్ మీద శాతంలో ఇస్తారు, లీటర్‌కి 40 శాతం అంటే 400 మిల్లీలీటర్ల నీళ్లు, అప్పుడు బకెట్లో 1.4 లీటర్లు ఉంటది. కొందరు ఆ 1.4ని 120తో గుణించి 168 అడుగులు వస్తదని లెక్కేస్తారు, రాదు. లేబుల్ చెప్పినదానికంటే ఎక్కువ నీళ్లు పోస్తే గోడంతా తడిపెయ్యొచ్చు గానీ ఆరాక లోపలి పాత రంగు తొంగిచూస్తది, మూడో కోటు తప్పదు, అప్పుడు మిగిలిందేమీ ఉండదు.

పాత గోడ ముదురు నీలం, ఇప్పుడు క్రీమ్ వెయ్యాలి. లెక్క మారుతుందా?

మారుద్ది, లేబుల్ అంకె మారదు గానీ కోట్లు పెరుగుతాయి. ముదురు మీద లేత వేస్తే రెండు కోట్లకి నీలం పూర్తిగా దాగదు, మూడో కోటు అనుకోవాల్సిందే. పైన చెప్పిన 3.8 మిల్లీలీటర్లు ఇక్కడ వాడదాం, 310 అడుగులకి దాదాపు 1.17 లీటర్లు. ముందున్న 2.58తో కలిపితే 3.75, పది శాతంతో 4.13. ఇప్పుడు 3.6 ఒక్కటి చాలదు, దానితో పాటు చిన్న డబ్బా 0.9 ఒకటి, మొత్తం నాలుగున్నర. దీనికంటే చౌక పని ఏంటంటే ముందు ఒక కోటు తెల్ల ప్రైమర్ కొట్టి నీలాన్ని అణచడం, ప్రైమర్ లీటర్ ధర ఎమల్షన్ కంటే చాలావరకు తక్కువ ఉంటది. నేనైతే అదే చెప్తా.

చెయ్యి తుడిస్తే సుద్ద అంటుకుంటోంది. ఎన్ని లీటర్లు ఎక్కువ తీసుకోవాలి?

ఎక్కువ తీస్కోవద్దు, ముందు గోడ సరిచెయ్యండి. సుద్ద రాలే పాత సున్నం, చౌక డిస్టెంపర్ మీద ఎమల్షన్ వేస్తే తాగుతూనే ఉంటది, పైగా కొన్నాళ్లకి పొరలు పొరలుగా లేచిపోద్ది. గీకి, ఉప్పుకాగితం పట్టి, ప్రైమర్ వెయ్యాలి. కొత్త పుట్టీ గోడ కూడా అంతే, పుట్టీ మీద నేరుగా ఎమల్షన్ వేసినవాళ్లు మొదటి కోటుకే డబ్బా సగం అయిపోయిందని ఫోన్ చేస్తారు. ప్రైమర్ డబ్బాకి దాని కవరేజ్ వేరే రాసుంటది, ఎమల్షన్ అంకె దానికి వాడొద్దు.

అమెరికాలో ఉంటాం, ఇక్కడ డబ్బా మీద గ్యాలన్‌కి 350 నుంచి 400 చదరపు అడుగులు అని ఉంది. మీ లెక్కతో పోలిస్తే మాకు చాలా ఎక్కువ పడుతోంది, ఎక్కడ తప్పు?

తప్పు లేదు. అక్కడి గ్యాలన్ 3.785 లీటర్లు, ఆ 350 మామూలుగా ఒక కోటుకి చెప్పేది. ఇదే 310 అడుగుల గదికి రెండు కోట్లంటే 620, దాన్ని 350తో భాగిస్తే 1.77 గ్యాలన్లు, అంటే 6.7 లీటర్లు. మన దగ్గర 2.58 వచ్చింది. అక్కడ పెయింట్ డబ్బాలోంచి తీసింది తీసినట్టే, నీళ్లు దాదాపు కలపకుండా మందంగా వేస్తారు, ఇక్కడ బాగా నీళ్లు కలిపి పల్చటి కోట్లు వేస్తాం, అందుకే లీటర్ అంత దూరం సాగుద్ది. అక్కడి డబ్బాకి అక్కడి అంకే పట్టుకోండి, ఇక్కడి 120 అలవాటు మీద కొంటే సగం కంటే ముందే ఆగిపోతారు.

పని మొదలయ్యాక లెక్క సరిగ్గా పోతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి గోడ అయ్యాక ఆగి చూడండి. ఈ గదిలో తలుపు కిటికీ లేని పొడుగు గోడ 11.33 × 9.67, దాదాపు 110 చదరపు అడుగులు. చదరపు అడుక్కి నాలుగున్నర మిల్లీలీటర్ల లెక్కన మొదటి కోటుకి నీళ్లు కలపని పెయింట్ అర లీటర్ పట్టాలి. అందుకే మేస్త్రీని ముందే అడగండి, డబ్బాలోంచి లీటర్ మగ్గుతో కొలిచి తియ్యమని, తీసిన ప్రతిసారీ డబ్బా మూత మీద ఒక గీత గియ్యమని. అర లీటర్‌తో గోడ అయితే లెక్క సరిగ్గా ఉంది. ముప్పావు లీటర్ పట్టిందంటే గోడ తాగుతోంది, లేదా రోలర్ మరీ లోడ్ చేసి వేస్తున్నారు, ఇంకో డబ్బా అప్పుడే ఆర్డర్ పెట్టండి, అదే షేడ్ కోడ్, అదే బేస్, కుదిరితే అదే బ్యాచ్ నంబర్, మూత మీద అంటించిన స్టిక్కర్ ఫోటో తీసి పంపిస్తే మేం చూస్కుంటాం. పావు లీటర్‌తోనే గోడంతా అయిపోయిందంటే మాత్రం సంతోషపడకండి, వెళ్లి బకెట్లో నీళ్లు ఎన్ని పోశారో చూడండి.